బాడుగ ఇంట్లోకి బ్యాంకు వాల్యుయర్: కర్నూలులో ఒక ఫైలు

ఇంటి మీద తనఖా లోను తీసుకునేవాళ్ళకి ఫైళ్ళు తయారుచేసి బ్యాంకులో పెట్టించడం నా పని. ఈ ఫైలు కర్నూలు పాతబస్తీ వైపు ఉన్న ఒక ఇంటిది. స్థలం 4 సెంట్లు, అంటే 193.6 చదరపు గజాలు. అందులో 1,150 చదరపు అడుగుల స్లాబు ఇల్లు, 2008లో కట్టింది. ఓనర్ రిటైరైన హైస్కూలు మాస్టారు. ఆయన కల్లూరులో కొడుకు దగ్గర ఉంటారు. కొడుకుది టైల్స్ షాపు. దాన్ని పెద్దది చేయడానికి ఈ ఇంటి మీద 28 లక్షలు కావాలి. ఇంట్లో ఆరేళ్ళుగా ఒక ముస్లిం కుటుంబం బాడుగకు ఉంది. ఆయనకి బట్టల షాపు. ఇంట్లో భార్య, వయసైన తల్లి, చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు.

కాగితాలన్నీ ఉన్నాయి. ఆదాయం సరిపోతుంది. ఇంత శుభ్రమైన ఫైలు, బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే వాల్యుయర్ విజిట్ దగ్గర ఆగిపోయింది. ఇలా ఆగే ఫైళ్ళు చాలానే చూస్తుంటాను కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను.

మార్చి మొదట్లో బ్యాంకు ఈ ఫైలును తన ప్యానెల్ వాల్యుయర్‌కి పంపింది. ఆయన మాస్టారికి సాయంత్రం ఫోన్ చేసి "రేపు పదకొండుకి వస్తా, ఇల్లు తీయించి పెట్టండి" అన్నారు. మాస్టారు రాత్రి తొమ్మిదిన్నరకి బాడుగ ఆయనకి వాట్సాప్‌లో ఒక్క లైను పంపారు: "రేపు 11కి బ్యాంకు వాళ్ళు వస్తారు, ఇల్లు మొత్తం చూపించండి." రంజాన్ నెల. ఆ వేళకి ఆయన తరావీ నమాజులో ఉన్నారు. అక్కడినుంచి నేరుగా షాపుకి వెళ్ళి అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరారు. మెసేజ్ చూసింది పొద్దున. చూసి "ఇప్పుడు కుదరదు సార్" అని జవాబిచ్చారు. అప్పటికి వాల్యుయర్ బయలుదేరిపోయారు. గేటు తీయలేదు. ఆయన రోడ్డు మీదినుంచి ముందు భాగం ఫోటోలు తీసుకుని, బయట కొలతలు కొలుచుకుని వెళ్ళిపోయారు.

మాస్టారు నా దగ్గరికి వచ్చినప్పుడు చాలా కోపంగా ఉన్నారు. "నా ఇల్లు నేను చూపించుకోవడానికి వాళ్ళ పర్మిషన్ ఏంది?" అన్నారు. ఆ ప్రశ్నకి చట్టంలో జవాబుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం బాడుగకి ఇచ్చిన ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించే హక్కు అద్దెదారుది. అదే సెక్షన్‌లో ఓనర్‌గానీ ఆయన తరఫు మనిషిగానీ సమంజసమైన వేళల్లో వచ్చి ఇంటి పరిస్థితి చూసుకోవడానికి అద్దెదారు ఒప్పుకోవాలని కూడా ఉంది. రెండూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి, చూసే హక్కు ఓనర్‌కి ఉన్నా, ఆ వేళ ఇంట్లో ఉన్నవాళ్ళకి సబబుగా ఉండాలి. 2021లో కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా అద్దె చట్టం కూడా, కనీసం 24 గంటల ముందు కారణం చెప్పి నోటీసు ఇవ్వాలనే అంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి చెప్పి మర్నాడు పదకొండుకి తలుపు తీయమంటే ఏ లెక్కన చూసినా అది సబబైన వేళ కాదు. మాస్టారు ఊరికే వినలేదు. చాలాసేపు వాదించాక ఒప్పుకున్నారు.

లోపల చూడకపోతే పోయేదెంత

"బయట కొలతలున్నాయి కదా, దాంతో రిపోర్టు రాసేయమనండి" అన్నది మాస్టారి రెండో మాట. వాల్యుయర్ రాయగలరు. కానీ "లోపల పరిశీలనకు వీలు కాలేదు" అని ఒక లైను పెట్టి రాస్తారు. ఆ లైను ఉన్న రిపోర్టుని చాలా బ్రాంచీలు తిప్పి పంపుతాయి. తీసుకున్నా విలువ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఆయన ముందే కూర్చుని లెక్క వేశాను.

స్థలానికి ఆ వీధిలో గజం 18,000 లెక్కన 34.85 లక్షలు. ఇది లోపల చూసినా చూడకపోయినా మారదు. మారేది కట్టడం విలువ. మంచి ఫ్లోరింగు, టేకు తలుపులు, లోపల ఇంకా కట్టుదిట్టంగా ఉంటే ఇప్పుడు అలాంటిది కట్టడానికి అడుగుకి 1,600 వేసుకోవచ్చు. 1,150 అడుగులకి 18.40 లక్షలు. అందులోంచి తరుగుదల తీయాలి. స్లాబు ఇంటికి 60 ఏళ్ళ ఆయుష్షు, చివర్న 10 శాతం విలువ మిగులుతుందని లెక్క కాబట్టి ఏడాదికి ఒకటిన్నర శాతం. 18 ఏళ్ళకి 27 శాతం పోగా మిగిలేది 13.43 లక్షలు. స్థలంతో కలిపి 48.28 లక్షలు. ఈ బ్యాంకు తనఖా లోనుకి విలువలో 60 శాతం వరకు ఇస్తుంది కాబట్టి 28.97 లక్షల దాకా వస్తుంది. మాస్టారి 28 అందులో సరిపోతుంది.

లోపల చూడని వాల్యుయర్ నాసిరకం పనే జరిగిందనుకుని జాగ్రత్తకి అడుగుకి 1,300 వేస్తే? కట్టడం 10.91 లక్షలకి దిగుతుంది, మొత్తం 45.76 అవుతుంది, లోను 27.46 లక్షల దగ్గర ఆగుతుంది. కావలసిన దానికి 54 వేలు తక్కువ. ఈ అంకెలు చూశాక మాస్టారి కోపం తగ్గింది.

లోపల చూడవలసిన కారణం ఈ ఇంటికి మరొకటి ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ వరద పాతబస్తీలోకి వచ్చింది. ఆ ప్రాంతంలో అంతకుముందు కట్టిన ఇంటికి వెళ్తే వాల్యుయర్లు నీళ్ళు ఎంత ఎత్తుకి నిలిచాయో అడుగుతారు, గోడల కింది భాగం చూస్తారు. నేలనుంచి పైకి ఎక్కే చెమ్మ అయితే గోడ అడుగున పెయింటు పొలుసులుగా రాలి తెల్లటి ఉప్పు కనిపిస్తుంది. స్లాబులోంచో, బాత్రూం పైపులోంచో కారే నీళ్ళయితే మరక పైనుంచి కిందికి ఉంటుంది. రెండోదానికి మరమ్మతు ఖర్చు తక్కువ, మొదటిదానికి ఎక్కువ. బయటి గోడకి కొత్తగా రంగు వేసి ఉంది కాబట్టి ఏ చెమ్మో తేల్చుకోవడానికి లోపలి గోడే చూడాలి.

"కుదరదు" వెనక ఏముంది

మాస్టారితో కలిసి బాడుగ ఆయన షాపుకి వెళ్ళాను. పొద్దున పదకొండున్నర, గిరాకీ ఇంకా మొదలుకాని వేళ. మాస్టారిని ముందే ఒకటి కోరాను: డేట్ అడగొద్దు, ముందు ఆయన చెప్పేది విందాం. ఫోన్లో "ఇప్పుడు కుదరదు" అన్న మనిషి ఎదురుగా కూర్చుంటే అసలు సంగతులు చెప్పారు.

"మీరు ఇల్లు అమ్ముతున్నారేమో అనుకున్నా సార్. పిల్లల పరీక్షలు నడుస్తున్నాయి. ఇప్పుడు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాల?"

ఆయన మొదటి భయం అది. రెండోది, తను లేనప్పుడు తెలియని మగవాళ్ళు ఇంట్లోకి వచ్చి గదిగదికీ ఫోటోలు తీయడం. రంజాన్‌లో ఆయన పగలంతా షాపులోనే ఉంటారు, అమ్మ ఉపవాసంతో పడుకుని ఉంటుంది. మూడోది, ఆరేళ్ళ కిందట ఇచ్చిన 50 వేల అడ్వాన్స్. బ్యాంకు ఇంటిని తీసుకుంటే అది ఎవరిస్తారు? నాలుగోది చెప్పడానికి కొంచెం తటపటాయించారు. బాత్రూం స్లాబు కారుతోందని రెండు వానాకాలాల నుంచి చెప్తున్నా మాస్టారు మనిషిని పంపలేదు. "మాకోసమైతే ఎవరూ రారు, బ్యాంకు కోసమైతే రేపే రావాల్నా సార్?" అన్నారు.

ఈ మాటకి మాస్టారి దగ్గర జవాబు లేదు. నా అనుభవంలో బాడుగవాళ్ళు వాల్యుయర్‌ని ఆపేటప్పుడు వెనక దాదాపు ఎప్పుడూ ఇలాంటి పాత బాకీ ఒకటి ఉంటుంది. డేట్ మార్చినంత మాత్రాన అది తీరదు. మాస్టారు అక్కడే తన మేస్త్రీకి ఫోన్ చేశారు. పని మాత్రం పండుగ తర్వాతే పెట్టమని బాడుగ ఆయనే అన్నారు.

భయాలకి నేను ఇచ్చిన జవాబుల్లో ఎక్కడా తియ్యటి మాట కలపలేదు. తనఖా పెట్టినంత మాత్రాన ఇల్లు చేతులు మారదు, ఓనర్ మాస్టారే, బాడుగ మాస్టారికే కట్టాలి. కానీ "మీకేం కాదు" అని హామీ ఇవ్వడం తప్పు. వాయిదాలు కట్టకపోతే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అలాంటి రోజు వస్తే అద్దెదారు దగ్గర, తనఖాకి ముందునుంచే ఉంటున్నట్టు సరైన కాగితం ఉందా లేదా అన్నది ముఖ్యమవుతుంది. ఈయన దగ్గర ఉన్నది ఆరేళ్ళ నాటి 11 నెలల అగ్రిమెంటు. అందులో బాడుగ 9,000. ఇప్పుడు ఫోన్‌పేలో కడుతున్నది 11,000.

ఈ తేడా మాస్టారికీ ఇబ్బందే. ఆదాయం కింద బాడుగ 11,000 అని ఆయన లోను అప్లికేషన్‌లో చూపించారు. జత చేసిన కాగితంలో 9,000 ఉంది. వాల్యుయర్ ఇంట్లో ఉన్నవాళ్ళని ఎంతకాలంగా ఉంటున్నారు, బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎంత అని అడిగి రిపోర్టులో రాస్తారు. మూడుచోట్ల మూడు అంకెలుంటే బ్రాంచి తప్పకుండా ప్రశ్నిస్తుంది. కొందరు ఓనర్లు "వాళ్ళొస్తే ఇంత అని చెప్పు" అని బాడుగవాళ్ళకి నేర్పుతారు. అది ఎప్పుడూ చేయకూడదు. నిజంగా కడుతున్న బాడుగతోనే, 50 వేల అడ్వాన్స్ రాసి, ఇప్పటి తారీఖుతో కొత్త అగ్రిమెంటు రాసుకోమన్నాను. ఏడాది దాటితే లీజు రిజిస్టర్ చేయించాలి కాబట్టి మళ్ళీ 11 నెలలకే రాశారు. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారన్న మాట కూడా అందులో చేర్పించాను. అడ్వాన్స్ కాగితం మీదికి రావడంతో బాడుగ ఆయన కొంత కుదుటపడ్డారు.

డేట్లు ఎటునుంచి అడగాలి

మాస్టారు చేసినట్టే అందరూ చేస్తారు. వాల్యుయర్ ఒక డేట్ చెప్తాడు, దాన్ని బాడుగవాళ్ళ నెత్తిన పెడతారు. నేను దీన్ని తిప్పి చేయిస్తాను. ముందు వాల్యుయర్‌కి ఫోన్ చేసి, ఆయన ఏయే రోజులు కర్నూలు టౌనులో ఉంటారో కనుక్కుంటాను. ఈయన సోమ, గురువారాలు ఆదోని వైపు వెళ్తారు, మిగతా రోజులు ఊళ్ళోనే. లోపల పని ఎంతసేపు అంటే అరగంట, మహా అయితే ముప్పావుగంట అన్నారు. ఫోటోల సంగతి కూడా అప్పుడే మాట్లాడాను. వంటిల్లు, హాలు, ఒక బెడ్‌రూం, బాత్రూం, పైకప్పు కావాలి, గోడలూ నేలా కనిపిస్తే చాలు, మనుషులు ఉండక్కర్లేదు అన్నారు. బీరువాలూ అలమరాలూ తెరవాల్సిన పనే లేదు.

తర్వాత బ్యాంకుకి. మార్చి 31 లోపల శాంక్షన్ చేయాలని బ్రాంచిలో ఒత్తిడి ఉంది. మాస్టారి తొందరంతా అక్కడినుంచే వచ్చింది. కానీ నేను అడిగితే లీగల్ ఒపీనియన్ ఇంకా రాలేదని తేలింది. ప్యానెల్ అడ్వొకేటుకి 1990ల నాటి ఒక లింకు డాక్యుమెంటు, అంటే స్థలం అంతకుముందు చేతులు మారిన దస్తావేజు, సర్టిఫైడ్ కాపీ కావాలి. దానికి రిజిస్ట్రార్ ఆఫీసులో అప్పుడే దరఖాస్తు పెట్టారు. వాల్యుయేషన్, లీగల్ ఒపీనియన్ రెండూ చేతికొస్తేనే శాంక్షన్ నోటు రాస్తారు. లీగల్ పండుగ దాటాకే వచ్చేటప్పుడు, వాల్యుయర్ పండుగకి ముందు వెళ్ళినా తర్వాత వెళ్ళినా శాంక్షన్ ఒక్కరోజు కూడా ముందుకు జరగదు. ఓనర్లు ఈ ఒక్క ప్రశ్న బ్రాంచిలో అడిగితే బాడుగవాళ్ళ మీద పెట్టే ఒత్తిడిలో సగం పోతుంది. డేట్ల విషయంలో పట్టూవిడుపూ చూపించడానికి చాలాసార్లు పైసా ఖర్చు కూడా ఉండదు.

ఆ మూడు సంగతులూ తెలిశాక మాస్టారు పంపిన మెసేజ్ ఇది. నేను చిత్తు రాసిచ్చాను, ఆయన తన మాటల్లోకి మార్చుకున్నారు.

"భాయ్, నమస్తే. మొన్న రాత్రి ఉన్నట్టుండి చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. మా అబ్బాయి షాపు కోసం ఈ ఇంటి మీద బ్యాంకు లోను పెట్టుకుంటున్నాము. ఇల్లు అమ్మడం లేదు, మిమ్మల్ని ఖాళీ చేయమనడమూ లేదు. లోనుకి ముందు బ్యాంకు వాల్యుయర్ ఒకసారి లోపల చూసి కొలవాలి. అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఆయనా, టేపు పట్టే ఒక అబ్బాయీ, నేనూ, అంతే. గోడలు, నేల, కిటికీలు, బాత్రూం, పైకప్పు ఫోటోలు తీస్తారు. మనుషులని తీయరు, బీరువాలు తెరవరు. ఎన్నాళ్ళుగా ఉంటున్నారు, బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎంత అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆధార్ గానీ, సంతకం గానీ, ఓటీపీ గానీ ఎవరు అడిగినా ఇవ్వొద్దు, నాకు ఫోన్ చేయండి. పండుగ అయ్యాక మంగళ, బుధ, శుక్ర, శనివారాల్లో మీరు ఇంట్లో ఉండే వేళ ఏదైనా సరే. శుక్రవారమైతే నమాజు తర్వాతే వస్తాము. ఇవేవీ కుదరకపోతే ఆ తర్వాతి వారం చెప్పండి, అదీ పర్వాలేదు. వచ్చేవాళ్ళ పేరు, ఫోన్ నంబరు, ఐడీ కార్డు ఫోటో ముందురోజు మీకు పంపిస్తాను. బాత్రూం స్లాబుకి మేస్త్రీ పండుగ మూడోరోజు వస్తాడు."

ఇందులో ప్రతి లైనుకీ కారణముంది. అమ్మకం లేదన్న మాట మొదట్లోనే రావాలి, ఎందుకంటే ఆ భయం ఉండగా మిగతాది ఎవరూ చదవరు. ఐడీ కార్డు సంగతి ఊరికే చేర్చలేదు. బ్యాంకు నుంచి వచ్చామని చెప్పి ఇళ్ళలోకి దూరేవాళ్ళున్న రోజులివి. ఇంట్లో ఆడవాళ్ళు తెలియని మనిషికి తలుపు తీయకపోవడం మెచ్చుకోవలసిన విషయం. ఇక "మీ వీలు చెప్పండి" అని ఊరికే వదిలేస్తే జవాబు రాదు. నాలుగు రోజులు పేరుపెట్టి చెప్తే మనిషి ఒకటి ఎంచుకుంటాడు. అదే సమయంలో "అదీ పర్వాలేదు" అన్న తలుపు తెరిచి ఉంచాలి. ఆ మాట లేకపోతే నాలుగు డేట్లు కూడా ఆర్డరులాగే వినిపిస్తాయి.

అరగంటలోనే జవాబొచ్చింది. బుధవారం పొద్దున పదిన్నర. ఆ రోజు తమ్ముణ్ణి షాపులో కూర్చోబెట్టి తను ఇంట్లో ఉంటానన్నారు.

విజిట్ రోజు

ముందురోజు వాల్యుయర్ కార్డు ఫోటో పంపి, వేళ మళ్ళీ ఖాయం చేసుకున్నాం. మేస్త్రీ అప్పటికి బాత్రూం పైన పాత సిమెంటు గీకి వాటర్‌ప్రూఫింగు చేసి వెళ్ళాడు. కింద మరక ఇంకా తెలుస్తూనే ఉంది. మాస్టారు దాని మీద సున్నం కొట్టించేద్దామన్నారు. వద్దన్నాను. తాజా సున్నం చూస్తే వాల్యుయర్ ఏదో దాచారనుకుంటాడు. మరకని అలాగే ఉంచి, పైన చేసిన పని బిల్లు చూపించడమే మంచిది. అదే చేశాం.

లోపలికి వెళ్ళేముందు బాడుగ ఆయన తల్లినీ పిల్లలనీ వెనక గదిలో కూర్చోబెట్టారు. వాల్యుయర్ ముందు హాలు, వంటిల్లు, బాత్రూం చూశారు. అవి అయ్యాక వాళ్ళు హాల్లోకి వచ్చారు, అప్పుడు వెనక గది కొలిచారు. లేజర్ మీటరుతో గది గోడనుంచి గోడకి కొలతలు, కిటికీ దగ్గర నిలబడి ఒక ఫోటో. హాలు గోడ అడుగున మోకాలి ఎత్తున చేత్తో తట్టి చూశారు. ప్లాస్టరు గట్టిగా పలికింది, ఉప్పు లేదు. వరద సంగతి పక్కింటి పెద్దాయన్ని అడిగారు. కరెంటు మీటరు నంబరు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు రాసుకున్నారు. బాడుగ 11,000, అడ్వాన్స్ 50,000, ఆరేళ్ళు అని బాడుగ ఆయన చెప్పారు. అగ్రిమెంటులోనూ, అప్లికేషన్‌లోనూ అదే ఉంది. మొత్తం నలభై నిమిషాలు.

పైకప్పు మీద ఒక చిన్న రేకుల గది ఉంది. ప్లానులో లేదు. వాల్యుయర్ దాన్ని కొలిచారు కానీ విలువలో కలపలేదు. మాస్టారు కొంచెం నొచ్చుకున్నారు గానీ దానికి ఎవరూ చేసేదేమీ లేదు.

రిపోర్టులో కట్టడానికి అడుగుకి 1,600 కాకుండా 1,580 వేశారు. బాత్రూం మరక కోసం ఆ మాత్రం తగ్గించారు. మొత్తం విలువ 48.11 లక్షలు, అందులో 60 శాతం 28.87. అడిగిన 28 లక్షలూ వచ్చాయి. లింకు డాక్యుమెంటు కాపీ రిపోర్టు వచ్చిన మర్నాడు అందింది. శాంక్షన్ మార్చిలోనే అయింది, డబ్బు ఏప్రిల్‌లో పడింది. తనఖా కింద బ్యాంకులో పెట్టిన టైటిల్ డీడ్ల డిపాజిట్ రిజిస్టరయ్యాక మాస్టారు బాడుగ ఆయనకి కొత్త అగ్రిమెంటు ఒరిజినల్‌లో ఒక ప్రతి ఇచ్చారు. ఇంకో 11 నెలలకి దాన్ని మళ్ళీ రాసుకోవాలి. ఈసారి బ్యాంకు తనఖా ఉంది కాబట్టి, రాసేముందు శాంక్షన్ లెటర్‌లో బాడుగకి ఇవ్వడం గురించి ఉన్న షరతు చూసుకోమని ఇద్దరికీ చెప్పాను.